ఇద్దరికి చట్నీ నలుగుతుందా? మిక్సీ అన్‌బాక్సింగ్ షార్ట్‌కి స్క్రిప్ట్ రాసే పద్ధతి

ప్రశ్న: వంటింటి సామాన్ల మీద షార్ట్స్ చేస్తున్నాను. వచ్చే వారం మిక్సీ అన్‌బాక్సింగ్ చేయాలి. నా వీడియోల్లో డబ్బా విప్పేలోపే జనం వెళ్లిపోతున్నారు. ఊరించేలా ఉండాలి, సోది ఉండకూడదు, ఫస్ట్ ఇంప్రెషన్ నిజాయితీగా చెప్పాలి. స్క్రిప్ట్ ఎలా రాస్తారు?

జవాబు:

నేనూ హైదరాబాద్‌లో ఉంటూ ఇలాంటి వీడియోలే చేస్తుంటాను. ఈ మధ్యే మిక్సీ మీద ఒకటి చేశాను కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

డబ్బాలో మిక్సీ ఉందని చూసేవాళ్లకి ముందే తెలుసు. డబ్బా మీద బొమ్మ కూడా ఉంటుంది. ఇక టేపు ఎంత నెమ్మదిగా కోసినా ఆత్రం ఎక్కడి నుంచి వస్తుంది? విప్పి, వాడి చూస్తే గానీ తేలని ప్రశ్న ఒకటి మొదటి వాక్యంలోనే వేయాలి. అది కొనేవాళ్లు నిజంగా అడిగే ప్రశ్న అయ్యుండాలి. నాకు ఆ ప్రశ్న బేగంబజార్‌లో దొరికింది. నేను 750 వాట్ల మిక్సీ బేరమాడుతుంటే పక్కన ఒకావిడ, "చిన్న జార్‌లో ఇద్దరికి సరిపడా చట్నీ నలుగుతుందా అండీ?" అని అడిగారు. షాపతను "అన్నీ నలుగుతాయమ్మా" అన్నాడు. ఆవిడ మొహం చూస్తే నమ్మినట్టు లేదు.

ఆ అనుమానం న్యాయమైనదే. సరుకు తక్కువైతే బ్లేడు మొదటి తిప్పులకే దాన్ని గోడలకి విసిరేస్తుంది, ఆ తర్వాత ఉత్తినే తిరుగుతుంది. ఏ జార్‌లో ఎంత తక్కువకి ఇలా అవుతుందో డబ్బా మీద రాయరు. వాట్లు చూసి చెప్పలేం. జార్ అడుగు ఎంత వెడల్పుగా ఉంది, బ్లేడు అడుగుకి ఎంత దగ్గరగా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఇది చేసి చూపిస్తేనే తేలే విషయం, షార్ట్‌కి సరిగ్గా కావలసింది అదే.

స్క్రిప్ట్‌ని రెండు విడతలుగా రాస్తాను. డబ్బా విప్పకముందు ప్రశ్న, పరీక్ష ఎలా చేస్తాను అన్నది, షాట్ల వరుస రాసుకుంటాను. తీర్పు చెప్పే చోట ఖాళీ వదిలేస్తాను. వాడి చూశాకే అది నింపుతాను. ముందే "సూపర్‌గా ఉంది" అని రాసుకుంటే, షూట్‌లో చేతులు ఆ మాటను నిజం చేసే షాట్లనే వెతుక్కుంటాయి.

షార్ట్స్‌కి 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా వీలుంది. ఒక్క ప్రశ్నకి అంత అక్కర్లేదు, ముప్పావు నిమిషం చాలు. చివరికి తయారైన స్క్రిప్ట్ ఇది.

0–5 సెకన్లు. మూసి ఉన్న డబ్బా. పక్కనే గిన్నెలో గుప్పెడు పుట్నాలు, కొన్ని కొబ్బరి ముక్కలు, రెండు పచ్చిమిర్చి.
"ఇద్దరికి సరిపడా చట్నీ. ఈ మిక్సీ చిన్న జార్‌లో నలుగుతుందా? నా డబ్బుతో కొన్నాను, చూద్దాం."

5–13 సెకన్లు. డబ్బా విప్పడం రెండు కట్‌లలో అయిపోతుంది. చేతిలో చిన్న జార్.
"మూడు జార్లు వచ్చాయి. మనకి కావలసింది ఇది. బ్లేడు కింద నా చిటికెన వేలు దూరట్లేదు. ఇంత దగ్గరగా ఉందంటే నలగాలి."

13–23 సెకన్లు. పల్స్, ఆ వెంటనే మూత తీసి పైనుంచి షాట్.
"నీళ్లు లేకుండా మూడుసార్లు పల్స్ ఇచ్చాను. ఇదిగో, సగం గోడలకే అంటుకుంది. అడుగున పలుకులు అలాగే ఉన్నాయి."

23–34 సెకన్లు.
"స్పూనుతో కిందకి దించి, రెండు స్పూన్ల నీళ్లు పోసి మళ్లీ తిప్పాను. ఇప్పుడు వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలట్లేదు."

34–45 సెకన్లు.
"ఇద్దరికి నలుగుతుంది, కానీ మధ్యలో ఒకసారి ఆపి దించాలి. వైరు పొట్టి, మా గట్టు మీద ప్లగ్‌కి అందలేదు. మోటారు ఎన్నాళ్లు వస్తుందో ఈ ఒక్క రోజులో చెప్పలేను."

ఇందులో ఊరించే పని చేసేది రెండు చోట్ల. ఒకటి, మొదటి ఫ్రేములోనే డబ్బా పక్కన పుట్నాల గిన్నె ఉండటం. ఏం జరగబోతోందో కంటికి తెలిసిపోతుంది, ఎలా జరుగుతుందో తెలియదు. రెండు, చిటికెన వేలు షాట్. అక్కడ నేను పైకే ఒక అంచనా చెబుతున్నాను. అంచనా వినగానే చూసేవాళ్లు కూడా మనసులో ఒక పక్షం పట్టేస్తారు, మూత తీసేదాకా కదలరు. ఆ అంచనా తప్పినా షాట్ తీసేయకండి. మొదటి విడత గోడలకి అంటుకున్న దృశ్యమే ఈ వీడియోకి ప్రాణం. దాన్ని కత్తిరించి చివరి మెత్తటి చట్నీ ఒక్కటే చూపిస్తే, ఇంటికి తెచ్చుకుని వాడినవాళ్లకి మీరు అబద్ధం చెప్పినట్టే. (వేలు పెట్టేటప్పుడు జార్ చేతిలోనే ఉండాలి, మిక్సీకి బిగించి కాదు. పరీక్షకి ముందు జార్ కడగాలి, ఆ షాట్ మాత్రం వద్దు.)

సోది ఏదో పట్టుకోవడానికి నేను చూసేది ఒక్కటే: ఈ వాక్యం ఇంకో కంపెనీ మిక్సీకి కూడా అతుకుతుందా? "లుక్ చాలా ప్రీమియంగా ఉంది" దేనికైనా అతుకుతుంది, కొట్టేస్తాను. "వైరు మా ప్లగ్‌కి అందలేదు" ఈ మిక్సీ గురించే, ఉంచుతాను. వారంటీ కార్డు, మాన్యువల్ బయటికి తీసి చూపించడం కూడా పోవాలి. యూట్యూబ్ స్టూడియోలో మీ పాత వీడియోల రిటెన్షన్ గ్రాఫ్ తెరిచి చూడండి, నా వీడియోల్లో గీత అలాంటి చోటే కిందకి జారేది.

చప్పుడు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిక్సీ వీడియోల్లో ఎక్కువగా తప్పుదోవ పట్టించేది అదే. ఫోన్ మైక్ పెద్ద చప్పుడును తనంతట తానే తగ్గించేస్తుంది. దాంతో చెవులు చిల్లులు పడే మిక్సీ కూడా వీడియోలో మెత్తగా వినిపిస్తుంది. "వినండి, ఎంత సైలెంటో" అనేశామంటే అది మిక్సీ గొప్పతనం కాదు, మైక్ చేసిన పని. చప్పుడు గురించి చెప్పాలంటే రెండు అడుగుల దూరంలో ఒక మనిషిని నిలబెట్టి మామూలు గొంతుతో మాట్లాడించండి. మాట అర్థమైందో లేదో మీ చెవితో విని, అదే చెప్పండి.

వాసన విషయంలోనూ తొందరపడకూడదు. కొత్త మోటారు మొదటిసారి తిరిగినప్పుడు వైండింగ్ మీది వార్నిష్ వేడెక్కి కొద్దిగా వాసన రావడం మామూలే. అది లోపమని చెప్పొద్దు, అసలు రాలేదనీ చెప్పొద్దు. "మొదటిసారి కొంచెం వాసన వచ్చింది, రెండోసారి తగ్గింది" అంటే సరిపోతుంది. తగ్గకపోయినా, పొగ వచ్చినా అక్కడే ఆపేసి, షాపుకి తిరిగి తీసుకెళ్లడమే ఆ వీడియో.

ఇక "నా డబ్బుతో కొన్నాను" అన్న ముక్క. కంపెనీ ఉచితంగా పంపితే అక్కడ ఉచితంగా వచ్చిందన్న మాటే రావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఉచితంగా వచ్చిన వస్తువు గురించి కూడా వెల్లడించాలి. వీడియో అయితే డిస్క్రిప్షన్‌లో రాస్తే చాలదు, వీడియోలోనే మాటలోనూ తెర మీదా ఉండాలి. నేను మొదటి అయిదు సెకన్లలోనే చెప్పేస్తాను. చివర్లో చెబితే అప్పటికే సగం మంది వెళ్లిపోయి ఉంటారు.

మోటారు, అడుగున ఉండే కప్లర్, మూత రబ్బరు ఎలా ఉంటాయో నెలల తర్వాత గానీ తెలియదు. అందుకే అవి స్క్రిప్ట్‌లో పెట్టను. కొన్నాళ్లు రోజూ వాడాక, ఏది అరిగిందో ఏది లీకవుతోందో అదే వీడియో కింద కామెంట్‌గా రాసి పిన్ చేస్తాను.