బెణికిన చీలమండ: నొప్పి పోయినా తూలే పాదం

"నిన్న మెట్లు దిగుతుంటే పాదం లోపలికి మడతపడి చీలమండ బెణికింది. బయటివైపు బాగా వాచింది. ఎన్నాళ్లు కదపకుండా ఉంచాలి? మళ్లీ మళ్లీ బెణకకుండా ఏం చేయాలి?"

ముందు ఎముక సంగతి తేల్చుకోండి. చీలమండకు ఇరుపక్కలా పొడుచుకొచ్చిన ఎముకల కొననో వెనక అంచునో, లేదా పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముకనో వేలితో నొక్కితే నొప్పి పుట్టినా, సాయం లేకుండా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించుకోవాలి.

ఎముకకు ఏమీ కాకపోతే మొదటి రెండు మూడు రోజులు వాపు మీదే దృష్టి పెట్టండి. ఐసును గుడ్డలో చుట్టి ఒక్కో విడత పదిహేను నిమిషాలకు మించకుండా పెట్టండి. క్రేప్ బ్యాండేజీని వేళ్ల మొదలు నుంచి పైకి చుట్టి, పడుకున్నప్పుడు కాలిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. వేళ్లు తిమ్మిరెక్కినా నీలంగా మారినా కట్టు బిగువైందని అర్థం. వేడి కాపడం, మర్దన ఈ రోజుల్లో వాపును పెంచుతాయి (ఈ సలహా ఇచ్చేవారు ఇంట్లోనే నలుగురు ఉంటారు). ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత బరువు మోపుతూ నడవాలి. చేతికర్ర వాడితే దెబ్బ తగలని వైపు చేత పట్టుకోవాలి.

మొదటిసారి బెణికినప్పుడు నేను రెండు వారాలు పాదం కింద పెట్టలేదు, నొప్పి పోగానే ఆ విషయమే మరిచిపోయాను. మూడు నెలలకు చదునైన నేల మీదే అదే కాలు మళ్లీ మడతపడింది. ఫిజియోథెరపిస్టు ఒంటికాలి మీద నిలబడమంటే మంచి కాలి మీద ముప్పై సెకన్లు నిలిచాను, బెణికిన కాలి మీద ఆరో సెకనుకే తూలి గోడ పట్టుకున్నాను. పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకు చెప్పే నరాల కొనలు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లలో ఉంటాయి. లిగమెంటు చిరిగినప్పుడు ఆ కబురు ఆలస్యమై, పాదాన్ని బయటికి లాగి నిలబెట్టవలసిన పిక్క పక్క కండరం సమయానికి స్పందించదని ఆయన వివరించారు. నొప్పి పోయినంత మాత్రాన ఈ లోపం పోదు.

అందుకే కదలిక త్వరగా మొదలుపెట్టాలి. నొప్పి ఓర్చుకోగలిగిన నాటి నుంచి బొటనవేలితో గాలిలో అ నుంచి అః వరకు రాయండి. నడక కుదుటపడ్డాక సాగే రబ్బరు పట్టీని పాదానికి తగిలించి, పాదంతోనే దాన్ని బయటికి లాగుతూ పది పదిహేనుసార్లు చేయండి. అసలు పని ఒంటికాలి నిలుపుదే: గోడ పక్కన నిలబడి రోజూ ముప్పై సెకన్లు, మూడుసార్లు. అది సులువయ్యాకే కళ్లు మూసుకుని, ఆపైన మడిచిన దిండు మీద చేయాలి. నేను పళ్లు తోముకునే వేళను దీనికి కేటాయించాను. మర్నాడు పొద్దున వాపు ఎక్కువగా కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి రండి.

నాకు కళ్లు మూసుకుని రెండు కాళ్లూ సమానంగా నిలవడానికి దాదాపు ఎనిమిది వారాలు పట్టింది. ఒంటికాలితో పక్కలకు గెంతినా తడబడని రోజునే మళ్లీ పరుగు మొదలుపెట్టాను. ఆరు వారాలు దాటినా కాలు జారిపోతున్నట్టు, కీలు పట్టేసినట్టు ఉంటే వ్యాయామం పెంచకుండా ఎముకల వైద్యుడికి చూపించండి.