ఇఫ్ వాక్యాల్లో విల్ పెట్టాలా, వుడ్ పెట్టాలా?

ప్రశ్న: జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్ అని రూల్స్ బట్టీ పట్టాను. ఎక్సర్‌సైజ్ ఇస్తే సరిగ్గానే చేస్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం విల్, వుడ్ కలిసిపోతున్నాయి. తెలుగులో ఆలోచించుకుని ఇంగ్లీషులో చెప్పేవాళ్ళకి ఏదైనా దారి ఉందా?

జవాబు:

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అమెరికాలోని క్లయింట్‌కి ఒక మెయిల్ పెట్టాను: "ఇఫ్ ఐ గాట్ ద టెస్ట్ డేటా టుడే, ఐ వుడ్ ఫినిష్ ద రిపోర్ట్ బై ఫ్రైడే." నా మనసులో ఉన్నది మామూలు మాటే. ఇవాళ డేటా వస్తే శుక్రవారానికి రిపోర్ట్ ఇచ్చేస్తాను, అంతే. విల్ కంటే వుడ్ మర్యాదగా ఉంటుందని ఎక్కడో విన్నాను కాబట్టి అలా రాశాను.

డేటా ఆ రోజే వచ్చింది. గురువారం రాత్రికి రిపోర్ట్ పూర్తి చేసి పంపితే అటువైపు నుంచి ఆశ్చర్యంగా జవాబొచ్చింది. శుక్రవారానికి కాదన్నావనుకుని మీటింగ్ సోమవారానికి మార్చేశాం అని. నేనెప్పుడు కాదన్నాను? మా టీమ్ లీడ్ ఆ మెయిల్ చూసి నవ్వాడు. "నువ్వే చెప్పావు కదరా, డేటా రాదు, కాబట్టి రిపోర్ట్ కూడా రాదని."

గాట్, వుడ్ అనగానే ఇంగ్లీషు చదివేవాడికి వినిపించేది అదే. ఆ గాట్ నిన్నటి మాట కాదు, టుడే అని పక్కనే ఉంది కదా. ఇక్కడ పాస్ట్ టెన్స్ చెప్పేది కాలం కాదు, దూరం. ఇది జరిగేలా లేదు, ఊరికే ఊహించి చెబుతున్నాను అని. నేను రాయాల్సింది "ఇఫ్ ఐ గెట్ ద టెస్ట్ డేటా టుడే, ఐ విల్ ఫినిష్" అని.

మనకి ఇది ఎందుకు తడబడుతుందంటే, తెలుగులో ఈ తేడాని చాలావరకు ఆఖరి క్రియే మోస్తుంది. "డేటా వస్తే పూర్తి చేస్తాను", "డేటా వస్తే పూర్తి చేసేవాణ్ణి". రెండింటిలోనూ "వస్తే" అదే, కదల్లేదు. మొదటిది వింటే వస్తుందేమో అనిపిస్తుంది, రెండోది వింటే రాలేదని, రావడం లేదని అర్థమైపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు, రెండు ముక్కలూ మారాలి. ఇఫ్ ముక్కలో గెట్ కాస్తా గాట్ అవ్వాలి, రెండో ముక్కలో విల్ కాస్తా వుడ్ అవ్వాలి. మనం ఆఖరి క్రియ ఒక్కటే మార్చే అలవాటుతో "ఇఫ్ ఐ గెట్ ద డేటా, ఐ వుడ్ ఫినిష్" అంటాం. లేదంటే భయంతో రెండు వైపులా వుడ్ తగిలించి "ఇఫ్ ఐ వుడ్ గెట్" అంటాం.

నేను చేసే పని చెబుతాను. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని, చివర "కానీ లేదు కదా" అని అతికించి చూస్తాను. "నాకు కారుంటే రోజూ బస్సెక్కను" అనుకోండి. కానీ లేదు కదా. అతికింది. అంటే ఇది ఊహ, కాబట్టి రెండు క్రియలూ ఒక మెట్టు వెనక్కి: "ఇఫ్ ఐ హాడ్ ఎ కార్, ఐ వుడంట్ టేక్ ద బస్." చూడండి, ఇక్కడ తెలుగులో "ఎక్కను" అనే అన్నాం, "ఎక్కేవాణ్ణి కాదు" అనలేదు. అందుకే క్రియ రూపం ఒక్కటే చూస్తే మోసపోతాం, మనసులో ఉన్నదేమిటో అడగాలి. "రేపు వాన పడితే రాను" అనే వాక్యానికి ఆ తోక అతకదు, పడుతుందో లేదో ఎవరికి తెలుసు? కాబట్టి అది మామూలు "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ఐ వోంట్ కమ్." ఇఫ్ పక్కన విల్ రెయిన్ అనరు, రేపటి సంగతైనా సరే.

మరీ కష్టమైన చోటు ఇంకొకటి ఉంది. "డబ్బుంటే ఆ ఫోన్ కొనేవాణ్ణి" అన్నది ఇప్పటి మాటా, పోయిన నెల ఆఫర్ గురించా? తెలుగులో రెండూ కావచ్చు, సందర్భం చూసి మనకి తెలిసిపోతుంది. ఇంగ్లీషువాళ్ళకి రెండు వేరు వాక్యాలు. ఇప్పుడు లేదు అంటే "ఇఫ్ ఐ హాడ్ ద మనీ, ఐ వుడ్ బై ఇట్." అప్పుడు లేకపోయింది అంటే ఇంకో మెట్టు వెనక్కి: "ఇఫ్ ఐ హాడ్ హాడ్ ద మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఇట్." హాడ్ రెండుసార్లు వస్తే అచ్చు తప్పు అనుకునేవాణ్ణి, కాదు. మాటల్లో మొదటి హాడ్ "ఐడ్" లాగా నలిగిపోతుంది. వుడ్ కూడా "ఐడ్" లాగానే నలుగుతుంది, అందుకే వినేటప్పుడు తికమక. ఇఫ్ వెంటనే "ఐడ్" వస్తే దాదాపు ఎప్పుడూ హాడ్, రెండో ముక్కలో వస్తే వుడ్ అని పట్టుకోండి.

"-ఏవాణ్ణి" కనిపించిన ప్రతిచోటా కండిషనల్ అనుకోకండి. "చిన్నప్పుడు సెలవులొస్తే అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాణ్ణి" అన్నది నిజంగా జరిగిన అలవాటు. "కానీ లేదు కదా" దీనికి అతకదు. దీన్ని ఇఫ్ ఐ హాడ్ హాలిడేస్ అని మొదలుపెడితే పాపం ఎప్పుడూ సెలవులే దొరకలేదేమో అనుకోవచ్చు. ఇక్కడ వెన్ వాడాలి, వెళ్ళడానికి యూజ్డ్ టు గో చాలు.

ఇక మర్యాద సంగతి. "ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యు వుడ్ సెండ్ ద ఫైల్" అని పెద్ద మెయిళ్ళలో చూసే ఉంటారు, ఇఫ్ పక్కన వుడ్ ఉంది కదా, తప్పు కాదా అంటే కాదు. అక్కడ వుడ్ అంటే "దయచేసి పంపుతారా" అన్న ఇష్టం గురించి. వాన ఇష్టపడి పడదు, డేటా ఇష్టపడి రాదు కాబట్టి వాటి దగ్గర ఆ వుడ్ కుదరదు. నేను ఆ రోజు మోసపోయింది ఇక్కడే.

జీరో కండిషనల్ గురించి మీరు దిగులు పడక్కర్లేదు. నీళ్ళు మరిగితే ఆవిరవుతాయి లాంటివి, రెండు వైపులా మామూలు ప్రెజెంటే. ఇఫ్ ఐ వర్ యు విషయం మాత్రం చాలామంది అడుగుతారు, ఐ పక్కన వర్ ఏమిటని. ఊహ చెప్పే చోట అది పాత అలవాటు. మాటల్లో ఇఫ్ ఐ వాజ్ అనేవాళ్ళు బోలెడు, పరీక్షల్లోనూ ఆఫీసు మెయిళ్ళలోనూ వర్ రాయండి.

ఈ వారం మీరు పంపబోయే మెయిల్ ఏదైనా తీసి, ఇఫ్ ఉన్న ప్రతి వాక్యం పక్కన "కానీ లేదు కదా" అని పెన్సిల్‌తో రాసుకుని చూడండి. అతకని చోట వుడ్ కనిపిస్తే, అది పైన చెప్పిన "దయచేసి పంపుతారా" లాంటి వుడ్ కాకపోతే, అవతలివాళ్ళు మీటింగ్ వాయిదా వేసేలోపు మార్చేయండి.