ఫుల్‌బ్యాక్ ముందుకాలు చూడు

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫుట్‌బాల్ మ్యాచ్ వీడియో ఆపి ఆపి చూశాను. నువ్వు కుడికాలి ఆటగాడివి, మీ కోచ్ నిన్ను ఎడమ వింగ్‌లో ఆడిస్తున్నారు. ఫస్టాఫ్‌లో నీ వైపు కాసే ఎదుటి ఫుల్‌బ్యాక్‌ని, అంటే వాళ్ళ రైట్‌బ్యాక్‌ని రెండుసార్లు దాటావు, సెకండాఫ్‌లో దాటినా ఒక్కసారి కూడా బంతి నిలబెట్టుకోలేకపోయావు. అందుకని కొత్త ట్రిక్కులు నేర్పమని రాశావు. నీకు కొత్త ట్రిక్కు అక్కర్లేదురా. ఎడమ భుజం వంచి బయటికి వెళ్తున్నట్టు నటించి, కుడి పాదం బయటి అంచుతో బంతిని లోపలికి నెడతావు చూడు, అది చాలా మంచి ఆయుధం. ఇంగ్లండ్‌లో స్టాన్లీ మాథ్యూస్, బ్రెజిల్‌లో గరించా ఇదే కదలికతో డిఫెండర్లను దాటేవారు. వాళ్ళు కుడి వింగ్‌లో ఆడేవాళ్ళు కాబట్టి అదే కదలిక వాళ్ళను మైదానం పక్క గీత అయిన టచ్‌లైన్ వైపుకి తీసుకెళ్ళేది, నిన్ను గోల్ వైపుకి తెస్తుంది. ఏం చేయబోతున్నారో డిఫెండర్‌కి ముందే తెలిసినా ఆపలేకపోయేవాడు. ఎందుకో చెప్తాను.

కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఎదుటివాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చోడు, కాళ్ళు చూస్తాడు. నువ్వూ అదే చెయ్యి. నీకు ఎదురుగా నిలబడ్డ రైట్‌బ్యాక్ రెండు పాదాలూ సమానంగా పెట్టి నిలబడడు, ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటాయి. నీది కుడికాలని తెలిసినవాడైతే నిన్ను లోపలికి రానివ్వకుండా తన ఎడమకాలు ముందు పెట్టి, ఛాతీని టచ్‌లైన్ వైపు తిప్పి నిలబడతాడు. ఇప్పుడు నువ్వు టచ్‌లైన్ వైపు వెళ్తే అతను నిలబడ్డ దిక్కునే నీతో పాటు పరుగెత్తుతాడు, అది అతనికి తేలిక. అదే నువ్వు, అతను ముందుకు పెట్టిన ఆ ఎడమకాలి పక్కనుంచి లోపలికి దూసుకెళ్తే అతను నడుము మొత్తం వెనక్కి తిప్పుకోవాలి. ఆ తిరగడానికి పట్టే కాసేపే నీ సొత్తు. అందుకే ముందు పెట్టిన కాలి వైపు వెళ్ళమంటాను. అతను కుడికాలు ముందు పెట్టి నిన్ను లోపలికి తోస్తుంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు టచ్‌లైన్ వైపే దారి.

అయితే అతను లోపలి దారికి అడ్డంగా నిలబడి ఉంటాడు కదా, ఎలా వెళ్ళాలి? భుజం వంచి నటించే ఆ ఫెయింట్ పని అక్కడే. అతన్ని ఒక్క అడుగు బయటికి జరపాలి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు. బయటికి కదలడానికి అతను పాదం ఎత్తుతాడు. ఆ పాదం మళ్ళీ నేలకు ఆనేదాకా దిక్కు మార్చుకోలేడు. నీ అసలు టచ్ సరిగ్గా అప్పుడు పడాలి.

ఇప్పుడు నీ వీడియోలో మొదటిసారి తప్పిపోయినది చూద్దాం. అతను నీకు నాలుగు మీటర్ల దూరంలో ఉండగానే భుజం వంచేశావు. అంత దూరంలో అతను కదలాల్సిన అవసరమే లేదు, నిలబడి చూశాడు. నువ్వు లోపలికి వెళ్ళేసరికి అతను తాపీగా నీ ఎదుటే ఉన్నాడు. ఫెయింట్ ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో మొదలవ్వాలి. అక్కడ అతను కాలు చాపినా బంతి అందదు, కానీ నువ్వు వెళ్ళిపోతావేమోనన్న భయంతో కదలక తప్పదు. మీటరు లోపలికి వెళ్ళి చేశావంటే నీ అసలు టచ్ అతని కాలికే తగులుతుంది.

అక్కడిదాకా వచ్చే తీరు కూడా ముఖ్యం. టచ్‌లైన్‌కి అంటుకుని రాకు. గీత కూడా ఒక డిఫెండరే, నీకు ఒక వైపు దారి మూసేస్తుంది. మూడు నాలుగు మీటర్లు లోపలగా, నేరుగా అతని మీదికే బంతి తీసుకురా. అప్పుడు రెండు దారులూ తెరిచే ఉంటాయి, ఏ వైపు కాయాలో అతను తేల్చుకోవాలి. వచ్చేటప్పుడు అడుగుకొక చిన్న టచ్ ఉండాలి. బంతి నీ పాదానికి అర మీటరు దాటి పోతే, ఫెయింట్ చేయాల్సిన క్షణానికి అది నీ దగ్గర ఉండదు.

రెండో తప్పు వేగానిది, నీ ఆటలో అన్నిటికంటే పెద్దది ఇదే. ముప్పయ్యో నిమిషంలో అతన్ని శుభ్రంగా దాటావు, అయినా మూడడుగుల్లో నిన్ను అందుకున్నాడు. దానికి కారణం అతని వేగం కాదు. నువ్వు అతని మీదికి వచ్చింది పూర్తి వేగంతో, దాటాక పరుగెత్తిందీ అదే వేగంతో. నీ దగ్గర పెంచడానికి ఏమీ మిగల్లేదు. సగం వేగం కంటే కాస్త ఎక్కువతో రా. రెండు మీటర్ల దూరానికి చేరేముందు రెండడుగులు ఇంకా నెమ్మదించు, దాదాపు ఆగినట్టు. వెనక్కి జరుగుతున్న డిఫెండర్ కూడా నీతో పాటు నెమ్మదిస్తాడు, అతని బరువు మడమల మీదికి పోతుంది. అప్పుడు భుజం, టచ్, ఆ వెంటనే నాలుగడుగులు నీ ప్రాణమంతా పెట్టి పరుగు. ఆ నాలుగడుగులు చిన్నవిగా, వేగంగా పడాలి. మొదటి అడుగే పెద్దగా వేస్తే వేగం అందుకోలేవు. ఫెయింట్ నీకు అర అడుగు ఖాళీ మాత్రమే ఇస్తుంది, దాన్ని రెండు మీటర్లు చేసేది ఈ వేగం మార్పే. జర్మనీ క్లబ్ బాయర్న్‌లో కుడి వింగ్ ఆడిన ఎడమకాలి రాబెన్ లోపలికే వస్తాడని అందరికీ తెలుసు. ఏ అడుగులో వేగం పెంచుతాడో మాత్రం తెలిసేది కాదు.

ఆ అసలు టచ్ పక్కకు కొట్టకు, ఏటవాలుగా ముందుకు కొట్టు. బంతి అతని భుజం దాటి వెళ్ళాలి. పక్కకే కొడితే మైదానం మధ్యలోకి పోతావు, అతను మళ్ళీ నీకూ గోల్‌కీ మధ్య నిలబడతాడు. దాటగానే రెండో అడుగును అతని దారికి అడ్డంగా వెయ్యి, అంటే నీ వీపు అతనికీ బంతికీ మధ్య ఉండాలి. ఇక అతను బంతి తీయాలంటే నిన్ను పడగొట్టాలి. అది గోల్ ముందున్న బాక్స్‌లో అయితే పెనాల్టీ, అందుకే బాక్స్‌లో డిఫెండర్లు కాలు చాపడానికి జంకుతారు.

ఇక సెకండాఫ్ సంగతి. అక్కడ నీ కాళ్ళు తప్పు చేయలేదు, కళ్ళు చేశాయి. నువ్వు లోపలికే వస్తున్నావని వాళ్ళ కోచ్ చూసి, ఒక మిడ్‌ఫీల్డర్‌ని రైట్‌బ్యాక్‌కి ఐదారు మీటర్లు లోపలగా నిలబెట్టాడు. నువ్వు మూడుసార్లు బ్యాక్‌ని దాటి మూడుసార్లూ ఆ రెండోవాడి కాళ్ళ దగ్గర బంతి పోగొట్టుకున్నావు. కాబట్టి బంతి నీకు వచ్చేలోపే ఒకసారి తలెత్తి బ్యాక్ వెనక, లోపలి వైపు ఎవరున్నారో చూడు. ఎవరూ లేకపోతే లోపలికి వెళ్ళు. ఉంటే బయటికి వెళ్ళు. లోపల ఒకడు, బయట కూడా ఇంకొకడు కాస్తుంటే ఇద్దరితో పందెం కట్టకు, బంతిని వెనక్కి ఇచ్చేసి స్థలం మార్చుకో. మన సగంలో ఉన్నప్పుడు కూడా అంతే, అక్కడ బంతి పోతే గోల్ పడుతుంది.

బయటికి వెళ్ళడం నీకు కష్టమని తెలుసు. కానీ ఆ రోజు సెకండాఫ్‌లో అతను నీ లోపలి కదలిక కోసమే కాచుకుని ఉన్నాడు, దాన్నే ఎరగా వెయ్యాల్సింది. అంతకుముందు చేసినట్టే నెమ్మదించు. కుడి పాదం బయటి అంచుతో నెట్టబోతున్నట్టు బంతి ముందునుంచి లోపలికి తీసుకెళ్ళి, బంతిని తాకకుండా నేల మీద ఆనించు. కుడి భుజం కూడా దానితో పాటు వంగాలి. అతను లోపలి దారి మూయడానికి తిరుగుతాడు, వీపు టచ్‌లైన్ వైపు అవుతుంది. అప్పుడు ఎడమ పాదం బయటి అంచుతో గీత వెంట ముందుకు నెట్టి పరుగెత్తు. వెనక ఖాళీ ఉంటే బంతిని నాలుగైదు మీటర్లు పంపొచ్చు. మన వైపు చాలా గ్రౌండ్లలో గడ్డి ఉండదు, ఎండకు నేల గట్టిపడి బంతి అనుకున్నదానికంటే దూరం దొర్లుతుంది, కాబట్టి అక్కడ సగం బలంతో నెట్టు. సెకండాఫ్‌లో నువ్వు ఒకే ఒక్కసారి బయటికి వెళ్ళినప్పుడు బంతి గోల్‌లైన్ దాటిపోయింది ఇందుకే.

గోల్‌లైన్ దగ్గరికి చేరాక ఎడమకాలితో ఎత్తైన క్రాస్ కొట్టాలని చూడకు, నీ ఎడమకాలికి అది ఇంకా రాదు. పాదం లోపలి భాగంతో నేలబారుగా వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు ఇవ్వు. మీ స్ట్రయికర్ బంతికి వెనక ఉన్నంతవరకు అతను ఆఫ్‌సైడ్ కాడు. డిఫెండర్లేమో తమ గోల్ వైపు పరుగెత్తుతూ ఉంటారు, వెనక్కి వచ్చే ఆ బంతిని తీయడం వాళ్ళకు కష్టం. 68 మీటర్ల వెడల్పున్న మైదానంలో టచ్‌లైన్ నుంచి బాక్స్ అంచుకి దాదాపు 14 మీటర్లు. ఆ అంచు దాటి లోపలికి వచ్చాక ఇచ్చే బంతి, మైదానం మూలలోంచి కొట్టే క్రాస్ కంటే మేలు.

ఆడుతూ ఉండగానే నీ తప్పు నువ్వు కనిపెట్టే గుర్తులు చెప్తాను. ఫెయింట్ చేసినా అతను కదలకపోతే నువ్వు దూరంగా మొదలుపెట్టావు, లేదా మరీ హడావిడిగా చేశావు. అతను చూసి నమ్మడానికి కాస్త వ్యవధి కావాలి, తలా భుజమూ కూడా వంగాలి, ఉత్త పాదం ఆడిస్తే సరిపోదు. బంతి అతని కాలికి తగిలితే మరీ దగ్గరికి వెళ్ళావు. దాటాక అతను నీ వెనక కాకుండా పక్కన ఉంటే వేగం మారలేదు.

ప్రాక్టీసు ఇలా చెయ్యి. పొద్దున ఆరింటికే వెళ్ళు, మన బెజవాడ ఎండలో ఎనిమిది దాటితే ఇలాంటి పరుగులు తీయలేవు. పది మీటర్ల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవు గీసుకుని, చివర రెండు మూలల్లో ఇటుకలతో రెండేసి మీటర్ల గేట్లు పెట్టు. మీ ఫ్రెండు మధ్యలో నిలబడి, నువ్వు దగ్గరికి వచ్చాకే ఏ కాలు ముందు పెట్టాలో తేల్చుకోవాలి. నువ్వు ఆ కాలి వైపున్న గేటులోంచి బంతితో బయటపడాలి. ఎనిమిదిసార్లు చాలు, ఒక్కోదానికీ మధ్య ఒక నిమిషం పూర్తిగా ఆగు. ఆయాసంతో చేస్తే నెమ్మదిగా పరుగెత్తడమే అలవాటవుతుంది. ఇది కుదిరాక మూడోవాడిని లోపలి వైపు పెట్టుకో. నువ్వు తల దించగానే అతను ముందుకు రావడమో, వెనక్కి పోవడమో ఏదో ఒకటి చేస్తాడు. అతను ఎక్కడున్నాడో చూడకుండా నువ్వు ఏ గేటు ఎంచుకున్నా, అది లెక్కలోకి రాదు.

వచ్చే ఆదివారం మ్యాచ్‌లో మొదటి పది నిమిషాల్లో ఒక్కసారైనా బయటికి వెళ్ళు, బంతి పోయినా సరే. ఆ తర్వాత ఆ బ్యాక్ ఏ కాలు ముందు పెడుతున్నాడో చూసి నాకు రాయి.

ఇట్లు
మీ మామయ్య