నీడతో ఎత్తు కొలిపించేటప్పుడు

అమ్మా,

సరూప త్రిభుజాల పాఠం కోసం పదో తరగతి పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్తానని రాశావు. అలాగైతే సిద్ధాంతం ముందు చెప్పకు. కొలతలు తీసుకున్నాకే బోర్డు మీద బొమ్మ వేయించు.

నిటారుగా ఎదిగిన కొబ్బరిచెట్టు దొరికితే దాన్నే ఎంచుకో. వేప లాంటి గుబురు చెట్లు వద్దు. వాటి నీడ చివర కనిపించేది చాలాసార్లు చిటారుకొమ్మ కాదు, పక్కకు చాచుకున్న కొమ్మ. చెట్టు పక్కనే, అదే మట్టంలో ఉన్న నేల మీద మీటరు కర్ర నిలబెట్టించు. దారానికి రాయి కట్టి వేలాడదీస్తే కర్ర ఒరిగిందో లేదో తెలిసిపోతుంది.

కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 6.4 మీటర్లు వచ్చాయనుకో. సూర్యకిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి రెండుచోట్లా నేలతో చేసే కోణం ఒకటే. కర్రా, చెట్టూ నేలకు లంబంగానే ఉన్నాయి. రెండు కోణాలు సమానమైతే త్రిభుజాలు సరూపాలు. 1/0.8 = ఎత్తు/6.4, అంటే ఎత్తు 8 మీటర్లు. కొందరు నిష్పత్తి తిరగేసి 5.12 అంటారు. వెంటనే తప్పు అనకు. కర్ర తన నీడకన్నా పొడవుగా ఉంటే చెట్టు తన నీడకన్నా పొట్టిగా ఎలా ఉంటుందని అడుగు. వాళ్ళే దిద్దుకుంటారు.

అసలు గొడవంతా టైముతోనే. చెట్టు నీడ కొలిచి, టేపు కోసం కొట్లాడుకుని, పది నిమిషాలకు కర్ర దగ్గరికొస్తారు. పొద్దున పూట ఆపాటికి 80 సెంటీమీటర్ల నీడ 73, 74కి తగ్గిపోతుంది. లెక్క వేస్తే చెట్టు 8.7 మీటర్లు తేలుతుంది! అందుకే రెండు జట్లు పెట్టు. నువ్వు చప్పట్లు కొట్టగానే రెండు నీడల చివర్లలోనూ ఒకేసారి సుద్దముక్కతో గీత గీయాలి. కొలవడం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. చెట్టు నీడ చివర మసగ్గా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, బింబం. ఆ మసక పది సెంటీమీటర్లకు పైనే ఉండొచ్చు, దాని మధ్యలో గీయమను. కాబట్టి జవాబు మిల్లీమీటర్లలో రాసుకొస్తే ఒప్పుకోకు.

బడి భవనం కొలిచేటప్పుడు ఇంకో చిక్కుంది. పిల్లలు గోడ నుంచి నీడ అంచుకు అడ్డంగా, అంటే లంబదూరం కొలిచేస్తారు. ఎండ సాధారణంగా ఏటవాలుగా పడుతుంది కనుక అది నీడ అసలు పొడవుకన్నా తక్కువ, ఎత్తూ తక్కువే వస్తుంది. పిట్టగోడ మూల ఒకటి ఎంచుకుని, దాని నీడ ఎక్కడ పడిందో చూసి, అక్కడి నుంచి ఆ మూల కిందున్న గోడ అడుగుదాకా కొలిపించు. కర్ర నీడ కూడా అదే దిక్కుకు ఉండాలి. లేకపోతే వేరే మూల నీడను పట్టుకున్నట్టే.

ఆఖర్న నువ్వే మేడెక్కి అదే మూల నుంచి రాయి కట్టిన తాడు వదులు. తాడు పొడవు కొలిచాక, ఏ జట్టు జవాబు ఎంత దూరంలో ఉందో, ఎందుకుందో వాళ్ళతోనే చెప్పించు.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు