ప్లెయింటు దాఖలు చేసేముందు

విశాఖపట్నం

అమ్మా,

మధురవాడ స్థలం అమ్మకం అగ్రిమెంటు మీద వేసే దావాకి నువ్వు రాసిన ప్లెయింటు చదివాను. వాదన బాగుంది, దాని జోలికి పోను. క్లయింటు ఆఖర్న తెచ్చిన గడువు పొడిగింపు ఉత్తరం కోసం పదకొండో పేరా తర్వాత కొత్త పేరా చేర్చావు కదా, ఇబ్బందంతా అక్కడ మొదలైంది.

ఆ ఒక్క పేరాతో పాత 12 కాస్తా 13 అయింది, మొత్తం 52 పేరాలు 53 అయ్యాయి. నోటీసు సంగతి ఇప్పుడు 19లో ఉంది. వెనక మాత్రం ఇంకా "పేరా 18లో చెప్పిన నోటీసు" అనే ఉంది. అలాగని అన్నిటికీ ఒకటి కలుపుకుంటూ పోకు. 11 దాకా ఉన్న నంబర్లు మారలేదు. పైగా ఆ ఉత్తరం డాక్యుమెంట్ల జాబితాలో అయిదోదిగా చేరింది, కాబట్టి అక్కడ జరుగుడు 5 నుంచే. పేరా 7 అలాగే ఉంటుంది, డాక్యుమెంటు 7 ఎనిమిదవుతుంది. డాక్యుమెంటు నంబర్లు కంప్యూటరులో మార్చేటప్పుడు పెద్ద నంబరు నుంచి కిందికి రా. ముందు 5ని 6 చేసి, తర్వాత 6ని 7 చేశావంటే పాత అయిదు కూడా ఏడైపోతుంది.

ప్లెయింటు ఇంగ్లీషులో ఉంది కనక `para` అని వెతికి ఒక్కోచోటా ఆగు. `separate` కూడా పట్టుకొస్తుంది, విసుక్కోకు. ఆగిన ప్రతిచోటా ఆ నంబరు పేరాకి వెళ్లి, అక్కడ నిజంగా ఆ విషయమే ఉందో లేదో చదివి రా. నంబరు ఉందని చూసుకుంటే చాలదు.

అందరూ మరిచేది వెరిఫికేషన్. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 15 ప్రకారం ఏ పేరాలు వాదికి స్వయంగా తెలిసినవో, ఏవి విని నమ్మినవో నంబర్లతో చెప్పాలి. నీ కాపీలో ఇంకా "1 నుంచి 44, 45 నుంచి 52" అనే ఉంది. ఇప్పుడు 45 అంటే పాత 44, అది వాదికి స్వయంగా తెలిసిన సంగతి. దాన్ని విని నమ్మినట్టు రాసినట్టయింది. ఇక 53 ఎవరి లెక్కలోనూ లేదు. "1 నుంచి 45, 46 నుంచి 53" అని మార్చు. తోడు అఫిడవిట్‌లో కూడా ఇవే నంబర్లుంటాయి, అక్కడా చూడు.

తేదీల దగ్గర మాత్రం నాకు భయం వేసింది. అగ్రిమెంటు 14-3-2022, ఆరు నెలల గడువు 14-9-2022తో తీరుతుంది. 5-9-2022 ఉత్తరంలో ఇద్దరూ సంతకాలు చేసి గడువు 31-12-2022 దాకా పొడిగించారు. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 కింద స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్, అంటే ఒప్పుకున్నట్టు అమ్మించమని వేసే దావాకి, గడువు తేదీ ఖరారై ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు. మనం వేస్తున్నది 2025 నవంబరులో. కొత్త పేరాలో పొడిగింపు ఉంది, దావా హక్కు ఎప్పుడు పుట్టిందో చెప్పే కాజ్ ఆఫ్ యాక్షన్ పేరాలో మాత్రం గడువు 14-9-2022 అనే మిగిలిపోయింది. అది ఒక్కటే చదివితే దావా రెండు నెలల కిందటే కాలం చెల్లింది. మొత్తం చదివితే నిలబడుతుందని మనం వాదించొచ్చు. కానీ ప్లెయింటుని మొదట్లోనే తిరస్కరించమని అడిగే ఆర్డర్ 7 రూల్ 11(డి) పిటిషను ఎదుటివాళ్లకి మనమే రాసిచ్చినట్టవుతుంది.

తేదీలని పక్క పేరాతో పోల్చి సరిచూడకు, తప్పు రెండుచోట్లా ఒకటే ఉండొచ్చు. అసలు కాగితం చేతిలో పెట్టుకుని చూడు. తేదీ, ఏం జరిగింది, ఏ పేరాలో ఉంది, ఏ డాక్యుమెంటు అని ఒక పట్టీ రాసుకో. నోటీసుకి మూడు తేదీలుంటాయి. మన నోటీసు మీద 10-6-2025, పోస్టు రసీదు మీద 12, అక్నాలెడ్జ్‌మెంటు మీద 16. నువ్వు 10న "అందింది" అని రాశావు.

పేర్ల విషయం. ఎ షెడ్యూలు మొత్తం 600 గజాలు, అమ్ముతామన్నది బి షెడ్యూలు 300 గజాలు. మధ్యలో కొన్నిచోట్ల ఉత్తి "షెడ్యూల్ ఆస్తి" అని, ప్రార్థనలో కూడా అలాగే రాశావు. ఏ భూమికి డిక్రీ అడుగుతున్నామో కోర్టుకి అర్థం కాదు. అక్షరం లేకుండా ఎక్కడా ఆ మాట ఉండకూడదు.

ప్లెయింటులో ఇప్పుడే ఎగ్జిబిట్ ఎ-1 అని రాయకు. ఆ నంబరు సాక్ష్యంలో మార్క్ అయ్యేటప్పుడు పడుతుంది. అన్ని కాగితాలూ మార్క్ కాకపోవచ్చు, వరస మారొచ్చు. ఇప్పటికి "ప్లెయింట్ డాక్యుమెంట్ నంబరు" అనే ఉంచు. జాబితాలో ఒరిజినలా, జిరాక్సా అన్న గడి కూడా కాగితం చూసే నింపు.

పేరా నంబర్లు, డాక్యుమెంట్లు, తేదీలు, పేర్లు అన్నీ ఒకేసారి చదివితే ఏదీ కనపడదు. ఒక్కోదానికి విడిగా ఓసారి మొదటి నుంచి చివరిదాకా వెళ్లు. తేదీల వంతుకి గుమాస్తాని పక్కన కూచోబెట్టుకో. అతను కాగితం చదవాలి, నువ్వు ప్లెయింటు చూడాలి.

ఇదంతా వాది సంతకానికి ముందే అయిపోవాలి. సంతకాలయ్యాక ఏ పేజీ అయినా మారిస్తే ఆయన్ని మళ్లీ పిలిపించు.

నీ సీనియరు