'ముందు సంవత్సరం చందా' అంటే ఏ ఏటిది?

సందేహం: మా క్లబ్బులో 60 మంది సభ్యులు, ఏటా తలా 1,200 రూపాయల చందా. నివేదికలో "2024-25లో చందా ఆదాయం 70,800, ఇందులో ముందు సంవత్సరం చందాలు 9,600" అని రాస్తే ఆడిటరు తిప్పి పంపారు. వాక్యంలో తప్పేముంది? శాశ్వత సభ్యత్వం సొమ్మును ఆదాయం అనవచ్చా?
– ఒక క్లబ్బు కార్యదర్శి, అనంతపురం

సమాధానం: 'ముందు' మాట తెలుగులో రెండు వైపులా చూస్తుంది. 'అంతకు ముందు' అంటే గడిచిపోయింది, 'ముందు ముందు' అంటే రాబోయేది. మీరు జతచేసిన పట్టీ చూస్తే ఆ 9,600లో 6,000 అయిదుగురు కట్టిన పాత బకాయి, 3,600 ముగ్గురు 2025-26కు కట్టిన చందా. ఒకటి వెనకటి ఏటిది, ఒకటి రాబోయే ఏటిది. రెండూ ఒకే మాట కింద దూరాయి. మన సీమలో నోటితో చెప్పేటప్పుడు పోయినేడు, వచ్చే ఏడు అని తేడాగానే అంటాం. రాతలోనూ 'పోయిన ఏటి బకాయి', 'వచ్చే ఏటికి ముందుగా అందిన చందా' అనండి.

రెండో చిక్కు 'లో' దగ్గరుంది. '2024-25లో వచ్చిన చందా' అంటే ఆ ఏడాది చేతికందిన డబ్బు. ఏ ఏటిదైనా సరే, 70,800 మొత్తం వసూళ్ళు-చెల్లింపుల ఖాతాలోకి వెళ్తుంది. ఆదాయ-వ్యయాల ఖాతాకు కావలసింది '2024-25కు చెందిన చందా'. 70,800లోంచి 6,000, 3,600 తీసేస్తే 61,200, అంటే 51 మంది కట్టినట్టు. మార్చి 31 నాటికి కట్టని తొమ్మిది మంది బకాయి 10,800 కలపండి, 72,000 అవుతుంది. 60 మందిని 1,200తో గుణించినా అంతే రావాలి. రాకపోతే ఎక్కడో ఏళ్ళు కలిసిపోయాయన్నమాట. 2025-26కు ఇదే లెక్క వేసేటప్పుడు ఈ ముగ్గురి 3,600 కలపడం మరవకండి. వాళ్ళు అప్పుడు మళ్ళీ కట్టరు కదా.

ఆస్తి అప్పుల పట్టీలో రావలసిన 10,800 ఆస్తి. ముందుగా అందిన 3,600 మాత్రం అప్పుల వైపు ఉండాలి. చేతిలో ఉన్న డబ్బును అప్పు అనడానికి మనసొప్పదు గానీ, ఆ ముగ్గురికి క్లబ్బు ఇంకా ఏడాది సేవ బాకీ.

శాశ్వత సభ్యత్వమూ అంతే, కాకపోతే బాకీ చాలా ఏళ్ళది. మీ కమిటీ 15,000 తీసుకుని పదేళ్ళకు పంచాలని తీర్మానించిందన్నారు. అప్పుడు ఏటా 1,500 మాత్రమే ఆదాయం, తొలి ఏడు చివర 13,500 అప్పుల వైపు నిలుస్తుంది. కాబట్టి "శాశ్వత సభ్యత్వ రుసుములో ఈ ఏటి వాటా" అని రాయండి. మొత్తం ఒకేసారి ఆదాయంలో చూపితే ఆ ఏడు మిగులు ఉబ్బి, మరుసటి ఏడు లోటు పడినట్టు కనిపిస్తుంది. కొన్ని క్లబ్బులు పంచకుండా మొత్తాన్ని మూలధన నిధికి చేరుస్తాయి. అదీ చెల్లుతుంది, కానీ ఏటేటా పద్ధతి మార్చకూడదు. పదేళ్ళు నిండకుండానే సభ్యుడు కాలం చేస్తే మిగిలిన వాటాను ఎటు మళ్ళించాలో కూడా తీర్మానంలోనే రాసిపెట్టుకోండి.