సీన్‌లో టెన్షన్ ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి?

"షార్ట్ ఫిల్మ్‌కి స్క్రిప్ట్ రాస్తున్నాను. కొడుకు అమ్మ బంగారు గాజులు తాకట్టు పెట్టేశాడు. పెళ్లికి బయల్దేరుతూ అమ్మ బీరువా తెరుస్తుంది. నాలుగు పేజీలు వచ్చింది. చదివినవాళ్లంతా చప్పగా ఉందంటున్నారు. ఏం చేయాలి?"

గాజులు లేవన్న సంగతి ప్రేక్షకుడికి ఎప్పుడు తెలుస్తోందో ముందు చూడండి. బీరువా తెరిచాకే తెలిస్తే వచ్చేది ఒక్క ఉలికిపాటు, అంతే. మొదటి అర పేజీలోనే కొడుకు పర్సులో తాకట్టు రసీదు చూపించేయండి. ఇక అమ్మ తీరిగ్గా జడ వేసుకుంటున్నా చూసేవాడికి గుండె దడే.

తర్వాత అడ్డంకులు. కొడుకు మూడుసార్లు మూడు సాకులు చెబితే అది ఒకే మెట్టు మీద మూడుసార్లు నిలబడడం. ప్రతి మెట్టూ అతనికి ఒక దారి మూసేయాలి. మొదట "ఆటో వచ్చేసింది, ఉన్నవాటితో పదమ్మా" అంటాడు. "బోసి చేతులతో పెళ్లికా?" అంటుంది. మాటతో ఆపే దారి పోయింది. దేవుడి పటం వెనకుండే తాళంచెవి ముందే జేబులో వేసుకున్నాడు. అమ్మ వెతుకుతుంటే చెల్లి డూప్లికేట్ తాళం తెచ్చిస్తుంది. ఆ దారీ పోయింది. మొదటిదానికి ఒక పేజీ ఇస్తే రెండోదానికి అర పేజీ చాలు.

బీరువా తలుపు తెరుచుకున్నాక మాత్రం వేగం తగ్గించాలి. చాలామంది తడబడేది ఇక్కడే, అదే ఊపులో పరిగెత్తిస్తారు. స్క్రిప్టులో పేజీకి సుమారు నిమిషం లెక్క కాబట్టి ఒక్కో చర్యని విడి లైనుగా రాయండి. చీరల దొంతర జరుపుతుంది. గాజుల పెట్టె తగులుతుంది. దాన్ని అలాగే వదిలి, పట్టుచీర తీసి భుజం మీద వేసుకుని చూసుకుంటుంది. ఇక్కడ ప్రేక్షకుడికి చిన్న ఊపిరి దొరుకుతుంది, అందుకే తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. అప్పుడు పెట్టె అందుకుంటుంది. తేలిగ్గా ఉంది. మూత తీయక్కర్లేదు, ఏళ్లుగా మోసిన చేతికి ఆ బరువు తెలుసు.

కొడుకు వైపు చూస్తుంది. "ఎంతకి పెట్టావురా?"

టెన్షన్ వదలాల్సింది ఆ మాట దగ్గరే. దారులన్నీ మూసుకున్నాయి, పైగా ఈ ప్రశ్నకి అతని దగ్గర సాకు సిద్ధంగా లేదు. తాళంచెవి దగ్గరే ఒప్పేసుకుంటే పెట్టె బరువు అనే బలమైన క్షణం పోతుంది. పెళ్లి నుంచి వచ్చాక తెలిసేలా సాగదీస్తే అప్పటికి చూసేవాడి భయం చల్లారిపోతుంది. ఎవరో ఫోన్ చేసి అమ్మని ఆపేయడం లాంటి కాకతాళీయాలు అసలొద్దు, మోసపోయామనిపిస్తుంది. ఆ ప్రశ్న తర్వాత పేజీ నిండా ఏడుపులూ తిట్లూ రాయకండి. మూడు నాలుగు లైన్లలో కట్ చేసేయండి.

మీ నాలుగు పేజీల్లో ఒక్కో మెట్టునీ వేలితో మూసి చదివి చూడండి. అది లేకున్నా తర్వాతిది యథాతథంగా నడిచిపోతే, కొట్టేయాల్సిన మెట్టు అదే.